కొట్టడు, గట్టిగా అరవడు కూడా... మరి నాకెందుకింత భయం?

“పెళ్లయి ఆరేళ్లు. ఆయన ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. బయట అందరికీ చాలా మంచివాడు. ఇంట్లో మాత్రం నేనేం చేసినా తప్పే అవుతోంది. ‘నేనలా అనలేదు, నీకే సరిగ్గా గుర్తుండదు’ అంటారు. ఇప్పుడు నాకూ అదే నిజమేమో అనిపిస్తోంది. ఒకప్పుడు ఆఫీసులో పదిమందికి పని పురమాయించిన నేను ఇవాళ కర్టెన్ ఏ రంగు కొనాలో తేల్చుకోలేక షాపులోంచి బయటికొచ్చేశాను. ఇది హింస కిందకి వస్తుందా, లేక నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా? ఇద్దరం కలిసి కౌన్సెలింగ్‌కి వెళ్తే ఏమైనా బాగుపడుతుందా?”

ముందు మీ ఆఖరి ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను. ఇద్దరూ కలిసి వెళ్లకండి. మొదట మీరొక్కరే వెళ్లండి. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనకనుంచి రావాలి.

నేను పద్దెనిమిదేళ్లుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను. మీరు రాసినదాంట్లో నన్ను ఆపింది ఆ కర్టెన్ సంగతి. చాలామంది తమకు జరిగిన అవమానాలు వరసగా రాస్తారు. మీరు తేల్చుకోలేకపోయానని రాశారు. అసలు దెబ్బ తగిలేది అక్కడే. నాలుగు వాక్యాలు చదివి మీ ఇంట్లో జరుగుతున్నది ఫలానా అని నేను తీర్పు చెప్పలేను. అది తేల్చుకోవడానికి మాలాంటివాళ్లం ఏం చూస్తామో మాత్రం చెప్పగలను.

“ఆయన ఏం చేస్తాడు?” అని అడిగితే వచ్చే జవాబులు ఎప్పుడూ చిన్నగానే ఉంటాయి. ఫోన్ రెండో రింగుకి ఎత్తలేదని మొహం మాడ్చుకున్నాడు, తలుపు దగ్గర చెప్పులు వంకరగా ఉన్నాయని సాయంత్రమంతా మాట్లాడలేదు. చెప్తున్న మనిషికే నవ్వొస్తుంది. “ఇంత చిన్న విషయానికి మీ టైం వేస్ట్ చేస్తున్నానేమో” అంటుంది. అందుకే నేను ప్రశ్న మారుస్తాను. “మీరు ఆ పని చెయ్యకపోతే ఏమవుతుంది?” అని అడుగుతాను. అప్పుడు నవ్వు ఆగిపోతుంది. ఫోన్ ఎత్తకపోతే ఏమవుతుంది? చెప్పకుండా స్నేహితురాలిని కలిస్తే? “ఇవాళ నాకు వీలుకాదు” అంటే? జవాబులో “కాసేపు గొడవ పడతాం” అని వస్తే అది మామూలు సంసారం. “అలా జరగనివ్వను కదా, ముందే చూసుకుంటాను” అని వస్తే నేను పెన్ను పక్కన పెట్టి జాగ్రత్తగా వింటాను. కాదనడం అనే ఆలోచనే ఆ ఇంట్లోంచి మాయమైపోయిందన్నమాట.

దీన్నే మా రంగంలో కోయెర్సివ్ కంట్రోల్ అంటారు. భయపెట్టి, అలవాటు చేసి, మనిషి బతుకును గుప్పెట్లో పెట్టుకోవడం. ఈ మాటను బాగా ప్రచారంలోకి తెచ్చినవాడు ఇవాన్ స్టార్క్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త. 2007లో ఆయన గట్టిగా వాదించిందేమిటంటే, దెబ్బల లెక్క చూసుకుంటూ కూర్చుంటే అసలు నేరం కంటపడదు, ఇక్కడ పోయేది స్వేచ్ఛ అని. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015 చివరి నుంచి ఇది చట్టప్రకారం నేరం, అయిదేళ్ల దాకా జైలు. దెబ్బ పడాలన్న షరతు అందులో లేదు. అలాంటి ప్రవర్తన పదేపదే జరగాలి, దానివల్ల అవతలి మనిషికి హింస జరుగుతుందన్న భయం ఒకసారికి మించి కలగాలి లేదా తీవ్రమైన ఆందోళనతో రోజువారీ బతుకు గట్టిగా దెబ్బతినాలి, అలా అవుతుందని చేసేవాడికి తెలిసుండాలి లేదా తెలియాల్సిన పరిస్థితి ఉండాలి. స్కాట్లండ్, ఐర్లండ్ కూడా 2018లో ఇలాంటి చట్టాలు చేసుకున్నాయి. మీరున్న చోట చట్టం ఏమంటుందో అక్కడి లాయర్ చెప్పాలి. కొట్టకపోతే అది హింస కాదనే లెక్క మాత్రం ఎప్పుడో పాతబడింది.

ఇక మీ రెండో బాధ: గుర్తుండదు, నమ్మకం లేదు. దీని గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మీరు దీన్ని మీ లోపమనుకుంటున్నారు.

1957లో ఆల్బర్ట్ బిడర్‌మన్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త కొరియా యుద్ధంలో బందీలుగా పట్టుబడి తిరిగొచ్చిన అమెరికన్ వైమానిక సైనికుల మీద ఒక పరిశీలన రాశాడు. వాళ్లచేత అబద్ధపు ఒప్పుకోళ్లు ఎలా చెప్పించారన్నది ప్రశ్న. మంత్రాలూ మందులూ ఏమీ లేవు. కొట్టడం కూడా వాళ్లకు తప్పనిసరి పని కాలేదు. మనిషిని ఒంటరిని చెయ్యడం, నిద్రా విశ్రాంతీ లేకుండా అలసిపోయేలా ఉంచడం, బెదిరించడం, అవమానించడం, మధ్యమధ్యలో చిన్న దయ చూపించడం, అర్థంలేని చిల్లర నియమాలు పెట్టి అవి తు.చ. తప్పకుండా పాటించేలా చూడటం. ఈ జాబితా తర్వాత కుటుంబ హింసతో పనిచేసేవాళ్ల చేతికి వచ్చింది. సైనికుల గురించి రాసింది చదివి “ఇది మా ఇల్లే” అన్న ఆడవాళ్లను నేను చూశాను.

వీటిలో చిల్లర నియమాలది విచిత్రమైన బలం. నియమం ఎంత అర్థంలేనిదైతే దాన్ని పాటించడానికి అంత ధ్యాస కావాలి. చెప్పులు ఏ కోణంలో ఉండాలో ఆలోచిస్తున్న బుర్రలో ఇంకో ఆలోచనకు చోటుండదు. పైగా నియమం ఏ రోజైనా మారిపోవచ్చు. నిన్న ఫోన్ చేసి అడిగితే “ప్రతిదానికీ నన్నే అడుగుతావా”, ఇవాళ అడక్కపోతే “నన్నో మాట అడగాలనిపించలేదా”. ఏది చేసినా తప్పయ్యే చోట తెలివైన మనిషి ఏం చేస్తుంది? తనంతట తాను తేల్చడం మానేసి ఎదుటివాడి మొహం చూసి తేల్చడం నేర్చుకుంటుంది. ఇంట్లో అది బాగా పనికొచ్చే నేర్పు. కర్టెన్ షాపులో ఆ మొహం లేదు. అందుకే అక్కడ చెయ్యి ఆడదు.

జ్ఞాపకం సంగతి కూడా ఇంతే. మన జ్ఞాపకం నిజమేనని మనం ఎలా నమ్ముతాం? ఎవరితోనైనా సరిచూసుకుంటాం. “అప్పుడు వాడలా అన్నాడు కదే” అంటే అవతలివాళ్లు “అవునే, అన్నాడు” అంటారు. రోజుకు పదిసార్లు ఇది మనకు తెలియకుండానే జరుగుతుంది. స్నేహితులు ఒక్కొక్కరే దూరమై, అమ్మతో మాట్లాడేటప్పుడు కూడా ఫోన్ స్పీకర్‌లో ఉండాల్సివస్తే సరిచూసుకోవడానికి మిగిలేది ఒకే ఒక్క మనిషి. ఆ మనిషే “అలా జరగలేదు” అంటాడు. ఆరేళ్లు విన్నాక నమ్మకపోతేనే ఆశ్చర్యం. దీన్ని గ్యాస్‌లైటింగ్ అంటారు. ఈమధ్య ఈ మాటను ప్రతి అబద్ధానికీ వాడేస్తున్నారు, నాకు కొంచెం చిరాకే. ఒకసారి బొంకితే గ్యాస్‌లైటింగ్ అయిపోదు. మీ కళ్లను మీరే నమ్మకుండా చేసే పని, ఏళ్ల తరబడి జరిగితే, అది.

ఒకావిడ సంగతి చెప్తాను. ఆనవాళ్లు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఆవిడ ఒక కంపెనీలో ఆడిట్ చూసేది. వందల పేజీల పద్దుల్లో ఒక్క అంకె తేడా ఉన్నా పట్టేసేది. “మతిమరుపుకి మందేమైనా ఉందా” అని నా దగ్గరికొచ్చింది. వయసు ముప్పై ఎనిమిది. మొదటి గంటలో ఆవిడ “సారీ” అన్నది ఎన్నిసార్లో లెక్కపెట్టలేకపోయాను. ఎదురుగా గ్లాసులో నీళ్లున్నాయి, తాగొచ్చా అని అడిగింది. ఫోన్ టేబుల్ మీద స్క్రీన్ పైకి పెట్టుకుని, నాతో మాట్లాడుతూనే దానివైపు చూస్తోంది.

ఆరోజు నేను ఆవిడ సంసారం గురించి పెద్దగా అడగలేదు. మొదటి అరగంట వేరే ప్రశ్నలతోనే గడిచింది. ఇక్కడికి వస్తున్నట్టు ఇంట్లో ఏమని చెప్పారు? మీ ఫోన్ ఇంకెవరైనా చూస్తారా? లొకేషన్ ఆన్‌లో ఉందా? అపాయింట్‌మెంట్ మార్చాల్సివస్తే మీకు ఎలా చెప్పాలి, ఫోన్ చెయ్యొచ్చా, మెసేజ్ వద్దా? నేను రాసుకునేది ఎవరు చూడొచ్చు, ఎవరు చూడకూడదు, ఏ పరిస్థితిలో నేను గోప్యత దాటి మాట్లాడాల్సివస్తుంది? తర్వాత ప్రాణభయానికి సంబంధించినవి. ఎప్పుడైనా గొంతు పట్టుకున్నాడా, చంపుతానని గానీ తానే చస్తానని గానీ బెదిరించాడా, ఇంట్లో ఆయుధముందా, వెంబడిస్తాడా, ఇష్టం లేకుండా దగ్గరికి రమ్మంటాడా? ఒక్కసారి గొంతు నొక్కినా మేం దాన్ని చాలా పెద్ద ప్రమాదంగా లెక్కేస్తాం, ఒంటిమీద గుర్తు కనిపించకపోయినా సరే. అలాంటిది ఏదైనా ఉంటే ఆత్మవిశ్వాసం గురించిన పని ఆగుతుంది, భద్రత పనే మొదలవుతుంది. ఆవిడకు ఇవేమీ లేవు. ఒక్కసారి మాత్రం కారు అతి వేగంగా నడిపి “భయమేసిందా” అని నవ్వాడట. అది రాసిపెట్టుకున్నాను.

రెండోసారి వచ్చినప్పుడు ఒక పని ఇచ్చాను. మీ ఇంట్లో రాయని నియమాలు ఇక్కడే కూర్చుని రాయండి అన్నాను. “నియమాలేమీ లేవండీ, ఆయనకు కొన్ని ఇష్టాలుంటాయి, అంతే” అంది. సరే, ఆ ఇష్టాలే రాయమన్నాను. నలభై నిమిషాల్లో ఇరవై మూడు వచ్చాయి. ఆయన ఇంట్లోకి అడుగుపెట్టేసరికి నేను ఫోన్‌లో ఉండకూడదు. రసీదులు తేదీల వరసలో ఉండాలి. ఆయన ముందు ఎవర్నీ మెచ్చుకోకూడదు. స్నానం పదినిమిషాలు దాటకూడదు. రాసి రాసి ఆవిడే కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసింది. ఆడిటర్ కదా, అలవాటైన చూపు అది. నేనేమీ అనలేదు. ఒక్కోదాని పక్కన అది ఏ ఏడాది మొదలైందో రాయమన్నాను. మొదటి ఏడాది రెండే. మూడో ఏడాది ఆవిడకు ప్రమోషన్ వచ్చింది, ఆ ఒక్క ఏడాదే తొమ్మిది.

“మీరు హింసకు గురవుతున్నారు” అని నేను ఆరోజు చెప్పలేదు. చెప్పుంటే తల ఊపేది. తల ఊపడం ఆవిడకు బాగా వచ్చు. ఆ మాట ఆవిడ నోటినుంచి వచ్చినప్పుడే దానికి బరువుంటుంది. ఇక్కడే కొత్త కౌన్సెలర్లు తప్పటడుగు వేస్తారు, నేనూ వేశాను. ఎదుటి మనిషి బాధ చూడలేక “వదిలేసి వచ్చెయ్యండి” అంటాం. అప్పటిదాకా ఒకరు ఆవిడ బదులు తేలుస్తున్నారు, ఇప్పుడు ఆ కుర్చీలో మనం కూర్చుంటాం. మాట వినకపోతే ఆవిడ మన దగ్గరికి రావడానికి కూడా సిగ్గుపడుతుంది, మళ్లీ ఎప్పటికో గానీ రాదు. ఇంకో సంగతి కూడా ఉంది. విడిపోయే సమయమూ, విడిపోయాక కొన్నాళ్లూ చాలా ఇళ్లలో అన్నిటికన్నా ప్రమాదకరం. గుప్పిట సడలుతోందని తెలిసినప్పుడే అది గట్టిగా బిగుస్తుంది. ఏర్పాటు లేకుండా పంపేస్తే ఆ ముప్పు మోసేది మనం కాదు.

మతిమరుపు దగ్గరికి వద్దాం. ఆవిడ ఎక్కువగా చెప్పిన ఫిర్యాదు టైముల గురించి. భర్త ఆరింటికి రమ్మంటాడు, ఆరింటికి వెళ్తే “అయిదన్నాను కదా, పిల్లలకున్నపాటి జ్ఞాపకం కూడా లేదు నీకు” అంటాడు, నలుగురిలో. ఆఫీసులో ఏదైనా మర్చిపోతున్నారా అని అడిగాను. “లేదండీ, అక్కడ అన్నీ రాసుకుంటా కదా.” రాసుకోకుండా ఉన్నవి? కాసేపు ఆలోచించి “అవీ మర్చిపోను” అంది. ఆ మతిమరుపు ఒకే ఇంట్లో, ఒకే మనిషి ముందు వస్తోందన్నమాట. అయినా ఒక డాక్టర్‌కి చూపించుకోమన్నాను. థైరాయిడ్, నిద్రలేమి, డిప్రెషన్ కూడా జ్ఞాపకాన్ని దెబ్బతీస్తాయి, వాటిని పక్కన పెట్టడం నా అంచనాతో జరగకూడదు. పరీక్షల్లో ఏమీ తేలలేదు.

అప్పుడు ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నాం. భర్త ఏదైనా టైమో చోటో చెప్తే, మర్నాడు ఆఫీసుకి వెళ్లగానే ఒక చీటీ మీద రాసి తన డెస్క్ సొరుగులో పెట్టి తాళం వెయ్యాలి. ఫోన్‌లో వద్దు, ఇంట్లో అసలే వద్దు. నా దగ్గరికి వచ్చేటప్పుడు తేవాలి. ఒక షరతు గట్టిగా పెట్టాను: ఈ చీటీ ఎప్పుడూ ఆయనకు చూపించకూడదు. వాదనలో గెలవడం కోసం మనం ఇది చెయ్యడం లేదు. చూపిస్తే ఆయన ఒప్పుకోడు, ఆ సొరుగు సంగతి మాత్రం తెలుసుకుంటాడు.

మొదటి చీటీ మూడు వారాలకు వచ్చింది. “శనివారం, ఆరున్నర” అని ఉంది. శనివారం గొడవ “ఆరింటికి అన్నాను” అని. ఆవిడ చీటీని టేబుల్ మీద పెట్టి, “నేనే తప్పు రాసుకున్నానేమో” అంది. చూడండి, చేతిలో తన రాతే ఉంది, అయినా నమ్మకం ఎటు మొగ్గిందో. నాకు నోటిదాకా వచ్చింది, “చూశారా!” అనాలని. ఆపుకున్నాను. “అయ్యుండొచ్చు. ఇంకొన్ని చూద్దాం” అన్నాను. రెండో చీటీకి కూడా అదే మాట. నాలుగోది తెచ్చినరోజు మాట్లాడలేదు. చీటీలు నాలుగూ వరసగా పేర్చి, అంచులు సరిచేసి, వాటివంకే చూస్తూ కూర్చుంది. కాసేపటికి, “ఆడిట్‌లో ఒకే తప్పు నాలుగుసార్లు ఒకే వైపుకి వస్తే దాన్ని పొరపాటు అనం” అంది. దాన్ని ఏమంటారని నేను అడగలేదు. ఆవిడ చెప్పలేదు.

ఈ పని నెమ్మదిగా ఎందుకు చెయ్యాలంటే, ఆత్మవిశ్వాసం పోగొట్టుకున్న మనిషికి కొత్త నమ్మకం బయటినుంచి ఇస్తే అది నిలవదు. “మీరు చాలా సమర్థులు” అని అద్దం ముందు రోజూ అనుకోమనే పద్ధతి ఉంది చూశారా, ఇలాంటిచోట అది ఎదురు తిరుగుతుంది. లోపల ఒక గొంతు వెంటనే “అబద్ధం” అంటుంది. ఆవిడ కోల్పోయినది గొప్పదాన్నన్న భావన కాదు. తన కళ్లూ చెవులూ చెప్పేది నిజమేనన్న ధీమా. అది పొగడ్తతో రాదు, సరిచూసుకుంటే వస్తుంది.

తేల్చుకోవడం కూడా ఇలాగే మొదలుపెట్టాం. ఆయన చూపు పడని చోట, ఏమైనా నష్టం లేని విషయాల్లో. ఆఫీసుకి ఏ దారిలో నడవాలి, మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చోవాలి. తేల్చే ముందు ఒంట్లో ఏం జరిగిందో గమనించమనేవాణ్ణి. గొంతు బిగుసుకోవడం, భుజాలు పైకి లేవడం ఆవిడకే మెల్లగా తెలిసొచ్చాయి. ఇంట్లో మాత్రం ఎదురు చెప్పడం ప్రాక్టీస్ చెయ్యమని నేను ఎవరికీ చెప్పను. “ధైర్యంగా మాట్లాడండి” అనే సలహా సమానంగా ఉన్న ఇద్దరి మధ్య పనిచేస్తుంది. గుప్పిట్లో ఉన్న మనిషి ఆ సలహా పాటిస్తే దానికి మూల్యం ఆ రాత్రే చెల్లించాలి.

కలిసి వెళ్లొద్దని మొదట్లో అన్నది ఇందుకే. జంట కౌన్సెలింగ్‌లో ఇద్దరూ మనసు విప్పి మాట్లాడతారన్నది పునాది. భయం ఉన్నచోట ఒకరు మనసు విప్పితే కారులో తిరుగు ప్రయాణంలోనే దానికి శిక్ష మొదలవుతుంది. కౌన్సెలర్ ముందు ఆయన నెమ్మదిగా, బాధగా మాట్లాడతాడు. మీరు ఆరేళ్ల ఉక్రోషంతో ఏడుస్తారు, అరుస్తారు. చూసేవాడికి సమస్య ఎవరిలో ఉన్నట్టు కనిపిస్తుంది? పైగా అక్కడ నేర్చుకున్న మాటలే ఇంట్లో ఆయుధాలవుతాయి. “నువ్వు నా బౌండరీస్‌ని గౌరవించట్లేదు” అని ఆ ఆడిటర్ భర్త ఆవిడతో అన్నాడు, రెండు సెషన్లు వేరేచోట కలిసి వెళ్లొచ్చాక. ఆవిడ తమ్ముడితో ఫోన్‌లో మాట్లాడినందుకు.

మీరు రాయకపోయినా మీకు ఉండే అవకాశమున్న ఇంకో అనుమానం గురించి రెండు ముక్కలు. “నేనూ అరిచాను, నేనూ వస్తువు విసిరాను, కాబట్టి నేనూ అలాంటిదాన్నేనేమో.” ఆ ఆడిటర్ కూడా నాలుగో నెలలో ఇది చెప్పి ఏడ్చింది. ఆమె విసిరిన కప్పుని ఆయన ఫొటో తీసి దాచుకున్నాడు. తప్పు ఎత్తిచూపితే కాదనడం, ఎత్తిచూపినవాళ్ల మీద పడటం, చివరికి తానే బాధితుణ్ణనడం. ఈ మూడూ వరసగా రావడాన్ని జెన్నిఫర్ ఫ్రైడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990లలోనే గుర్తించి డార్వో అని పేరు పెట్టింది. కప్పు విసరడం మంచిదని నేను అనను. కానీ నేను చూసేది ఒకటుంది. గొడవ అయ్యాక ఎవరి బతుకు ఇరుకైంది? ఎవరు ఎవరికి భయపడి స్నేహితులను మానేశారు? కప్పు విసిరినా ఆయన పెట్టిన నియమాల్లో ఒక్కటీ తగ్గలేదు, ఆవిడకు ఇంకో రెండు పెరిగాయి.

అలాగని ప్రతి ముభావమూ, ప్రతి దెప్పిపొడుపూ దీనికిందకి రావు. కోపం వస్తే రెండ్రోజులు మాట్లాడని మొగుళ్లూ పెళ్లాలూ బోలెడంతమంది. వాళ్లతో బతకడం కష్టమే, అయినా అక్కడ ఎదుటి మనిషి తన డబ్బు తాను వాడుకుంటుంది, తన చెల్లెలితో తలుపేసుకుని మాట్లాడుకుంటుంది, వాదనలో అప్పుడప్పుడూ గెలుస్తుంది. ఆడవాళ్లు మగవాళ్లను గుప్పిట్లో పెట్టుకున్న ఇళ్లూ నేను చూశాను. ఆ మగవాళ్లు ఇంకా ఆలస్యంగా వస్తారు, ఎవరూ నమ్మరని.

ఈ పనికి వచ్చే పెద్ద ప్రమాదం ఇంట్లోంచే కాదు, మా గదిలోంచి కూడా రావచ్చు. వచ్చిన మనిషికి గుండెదడ, నిద్రలేమి, అతిగా ఆలోచించడం ఉన్నాయని చూసి, యాంగ్జయిటీ అని పేరు పెట్టి, ఆలోచనలు మార్చుకునే అభ్యాసాలు ఇచ్చేసే కౌన్సెలర్లున్నారు. “ఆయనకు కోపమొస్తుందని మీరు ఊహించుకుంటున్నారు, దానికి ఆధారమేంటి?” అని అడుగుతారు. మామూలు ఆందోళనకు అది మంచి ప్రశ్నే. ఇక్కడ మాత్రం ఆ భయం ఊహ కాదు, ఆరేళ్ల అనుభవం మీద కట్టిన సరైన అంచనా. దాన్ని తప్పుడు ఆలోచన అంటే ఇంట్లో ఆయన అనేదాన్నే కౌన్సెలర్ కూడా మర్యాదగా అన్నట్టవుతుంది.

ఆ ఆడిటర్ సంగతి ఏమైందని అడుగుతారు. తొమ్మిది నెలలపాటు ఆవిడ ఆ ఇంట్లోనే ఉంది. ఆ తొమ్మిది నెలల్లో ఒక్కసారి కూడా నేను తొందరపెట్టలేదు, మనసులో మాత్రం తొందరగానే ఉండేది. మెల్లగా అక్కతో మళ్లీ మాటలు కలిశాయి. ముఖ్యమైన కాగితాల నకళ్లు అక్క ఇంట్లో చేరాయి. ఆయనకు తెలియని ఒక పాస్‌వర్డ్ పెట్టుకుంది. అదే తనకు దొంగతనంలా అనిపించిందంది. వెళ్లిపోవడానికి ఒక రోజు ఎంచుకుని, ఆయన ఊళ్లో లేనప్పుడు, అక్కకూ ఒక లాయర్‌కూ ముందే చెప్పి వెళ్లింది. ఆ తేదీ ఆవిడే పెట్టుకుంది.

వెళ్లాక కుదుటపడిందా అంటే లేదు. మొదటి రెండు నెలలూ ఆయన కోసం బెంగ పెట్టుకుంది. అది తనకే అసహ్యంగా ఉందని చెప్పింది. ఇందులో అసహ్యపడాల్సింది ఏమీ లేదు. డటన్, పెయింటర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1981లోనే రాశారు: అధికారం ఒక్కవైపే ఉండి, బాధ మధ్యలో అప్పుడప్పుడూ దయ దొరుకుతుంటే ఆ బంధం చాలా గట్టిగా పట్టుకుంటుంది. దయ ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే దాని పట్టు. ఆవిడ గుర్తుచేసుకుని ఏడ్చేది కూడా ఏళ్ల మొత్తాన్ని కాదు, అలాంటి నాలుగైదు సాయంత్రాలనే. తనకు జ్వరమొస్తే ఆయన రాత్రంతా పక్కన కూర్చున్న ఒక రాత్రిని. ఆ రాత్రి అబద్ధమని నేను ఎప్పుడూ అనలేదు. దాన్నీ, ఇరవై మూడు నియమాల కాగితాన్నీ పక్కపక్కనే పెట్టుకుని మాట్లాడుకునేవాళ్లం.

ఇక మీరు చెయ్యగలిగింది. కౌన్సెలర్‌ని ఎంచుకునేటప్పుడు మొదటి ఫోన్‌లోనే రెండు ప్రశ్నలు అడగండి. “నన్ను ఒక్కదాన్నే చూస్తారా?” “నాకు కబురు ఎలా పెడతారు?” మొదటిదానికి “ముందు మీ వారిని కూడా తీసుకురండి” అని పట్టుబడితే, రెండోదానికి “మెసేజ్ పెడతాంలే” అని తేలిగ్గా తీసేస్తే, ఇంకొకరిని చూసుకోండి. ఇలాంటి ఇళ్లతో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లు మీరు అడక్కముందే ఈ రెండూ అడుగుతారు.

ఆ ఫోన్ మీ ఫోన్‌నుంచి చెయ్యకండి. మీ ఫోన్ ఆయన చూస్తారనుకుంటే ఈ పేజీ కూడా ఇంకోసారి ఆఫీసు కంప్యూటర్‌లోనో, నమ్మకమున్న స్నేహితురాలి ఫోన్‌లోనో చదవండి. ఇప్పుడు హిస్టరీ మొత్తం చెరిపెయ్యాలనిపిస్తుంది, అలా చెయ్యొద్దు. రోజూ నిండుగా ఉండేది ఒక్కసారిగా ఖాళీగా కనిపిస్తే అదే అనుమానం రేపుతుంది. ఈ ఒక్క పేజీ తీసేసి మిగతావి ఉన్నవి ఉన్నట్టు ఉంచండి.